ఇయర్ ప్లాన్ నుంచి రోజువారీ పాఠం దాకా వచ్చేసరికి దారం ఎక్కడ తెగుతోంది?

కొత్తటీచర్_గుంటూరు · ఆగస్టు 16, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక ప్రైవేటు బడిలో ఈ జూన్ నుంచే చేరాను. ఏడో తరగతి లెక్కలు, ఏ, బీ రెండు సెక్షన్లు, రోజుకు ఒక్కో పీరియడ్. మా బడిలో దసరా వరకు ఒక టర్మ్, సంక్రాంతి వరకు రెండోది, ఆ తర్వాత మూడోది. చేరిన వారంలోనే ఇయర్ ప్లాన్ అడిగారు. తర్వాత టర్మ్ ప్లాన్, ప్రతి శనివారం వచ్చే వారం ప్లాన్, రోజూ పొద్దున లెసన్ ప్లాన్ మీద సంతకం.

నేను చేసిన పని ఏమిటంటే, పుస్తకంలో పేజీలన్నీ లెక్కపెట్టి పనిదినాలతో భాగించాను. రోజుకు పేజీన్నర చొప్పున వచ్చింది. దాన్నే వారాలుగా, రోజులుగా రాసుకున్నాను. రికార్డు చూస్తే ముచ్చటేస్తుంది, ఒక్క గడి ఖాళీ లేదు. పోర్షన్ కూడా టైముకే నడిచింది.

నిన్నగాక మొన్న సామాన్య సమీకరణాలు అయిపోయాయి. చిన్న పరీక్ష పెట్టాను. `x + 5 = 12` చాలామంది చేశారు. `3x = 12` ఇస్తే సగం మంది 9 అని రాశారు. నాకు మతి పోయింది. అన్నీ ప్లాన్ ప్రకారమే చెప్పాను కదా, ఎక్కడ పోయింది?

రికార్డు_రాజు · ఆగస్టు 16, రాత్రి 10.05

మేడమ్, మీకు లెసన్ ప్లాన్ ఫార్మాట్ కావాలా? మా బడిలో ఏడు గడుల ఫార్మాట్ వాడతాం, ఫొటో పెట్టగలను. చేత్తో రాయాలా, ప్రింట్ తీయాలా అన్న దానిమీద మా హెచ్‌ఎం మొదట పట్టుబట్టారు గానీ ఇప్పుడు ప్రింట్ ఒప్పుకుంటున్నారు.

కొత్తటీచర్_గుంటూరు · ఆగస్టు 16, రాత్రి 10.11

థాంక్స్ సార్. ఫార్మాట్ ఉంది. నా బాధ గడుల గురించి కాదు, గడులన్నీ నిండినా పిల్లలకు 9 రావడం గురించి.

మార్కుల_మాస్టారు · ఆగస్టు 16, రాత్రి 10.30

పేజీల లెక్క తప్పండి. పేజీలన్నీ ఒకటే బరువు కాదు, ఒక పేజీలో బొమ్మలుంటాయి, ఇంకో పేజీలో ఇరవై లెక్కలుంటాయి. పరీక్షలో ఏ అధ్యాయానికి ఎన్ని మార్కులు వస్తాయో చూసి ఆ నిష్పత్తిలో పీరియడ్లు పంచుకోండి. నేను పదేళ్లుగా అదే చేస్తున్నాను.

లెక్కల_అక్క_పటమట · ఆగస్టు 17, ఉదయం 6.15

మాస్టారు గారి మాటలో మొదటి సగం నిజం, పేజీల లెక్క పనికిరాదు. రెండో సగంతో నాకు పేచీ ఉంది. పూర్ణ సంఖ్యలకు పరీక్షలో విడిగా వచ్చే మార్కులు తక్కువే. కానీ రుణ సంఖ్యల భాగహారం రాని పిల్లవాడు `-2x = 10` దగ్గర ఆగిపోతాడు, ఆ తర్వాత బీజీయ సమాసాల్లోనూ ఆగిపోతాడు. మార్కులను బట్టి పీరియడ్లు పంచితే సరిగ్గా అలాంటి అధ్యాయాలే చిక్కిపోతాయి.

చెల్లెమ్మా, మీ 9 సంగతి చూద్దాం. ఆ పిల్లలు ఏం చేశారంటే, 3ను అటు పంపి గుర్తు మార్చి 12 − 3 అన్నారు. అంటే వాళ్లకు మిగిలింది 'ఇటు నుంచి అటు వెళ్తే గుర్తు మారుతుంది' అనే పక్షాంతరం మాట ఒక్కటే. రెండు వైపులా ఒకే పని చేయాలన్న త్రాసు ఆలోచన మిగల్లేదు. కూడికలు, తీసివేతలు ఉన్నంతసేపు ఆ మాటతోనే నెట్టుకొచ్చేయొచ్చు, అందుకే `x + 5 = 12` చాలామందికి వచ్చింది. గుణకారం రాగానే బయటపడింది. ఒక్కటి అడుగుతాను, త్రాసు పాఠం ఏ రోజు చెప్పారు? దాని ముందు, తర్వాత రోజుల్లో ఏం జరిగింది? డైరీ తీసి చూడండి.

కొత్తటీచర్_గుంటూరు · ఆగస్టు 17, ఉదయం 7.02

డైరీ తీశాను అక్కా. త్రాసు పాఠం శుక్రవారం మొదలుపెట్టాను. మర్నాడు రెండో శనివారం సెలవు. సోమవారం యూనిట్ టెస్ట్ పెట్టారు. మంగళవారం ప్లాన్‌లో పక్షాంతరం అని ఉంది, కాబట్టి అదే చెప్పాను. త్రాసుకు నేను అనుకున్నది రెండు పీరియడ్లు. రెండోది శనివారం గడిలో ఉండిపోయింది, అది సెలవని నేను చూసుకోలేదు. బీ సెక్షన్‌కైతే శుక్రవారం కూడా సగమే అయింది, అసెంబ్లీ లాగారు.

లెక్కల_అక్క_పటమట · ఆగస్టు 17, ఉదయం 7.30

దొరికిందిగా. ప్లాన్ తేదీలతో నడిచింది, పాఠం మధ్యలో పడిపోయింది. ఇది మీ ఒక్కరికే కాదు, తేదీ వేసి రాసిన ప్రతి ప్లాన్‌కూ జరుగుతుంది.

నేను చేసే పద్ధతి చెప్తాను. ఇయర్ ప్లాన్‌కూ వారం ప్లాన్‌కూ మధ్య యూనిట్ ప్లాన్ అని ఒక కాగితం ఉండాలి. చాలా బళ్లలో అడుగుతారు గానీ, టర్మ్ ప్లాన్‌లోదే మళ్లీ ఎక్కించి ఇచ్చేస్తాం. అసలు పని జరగాల్సింది అక్కడ. యూనిట్‌లో పీరియడ్లకు తేదీలు వేయకుండా నంబర్లు వేస్తాను. సమీకరణాలకు 14 అనుకుంటే 1/14, 2/14 అని. మొదటి రెండు, మాటల్ని సమాసంగా రాయడం. మూడు నుంచి ఐదు వరకు త్రాసు, అందులో ఐదోది గుణకారానికే. ఆరు నుంచి ఎనిమిది, `3x − 5 = 16` లాంటి రెండడుగుల లెక్కలు. తొమ్మిదో పీరియడ్‌లో కొత్తది ఏమీ ఉండదు, ఎవరు ఎక్కడ ఉన్నారో చూసుకోవడమే. పది నుంచి పన్నెండు రాత లెక్కలు. పదమూడు పరీక్ష, పద్నాలుగు ఆ పరీక్షలో పడిపోయినదాన్ని మళ్లీ చెప్పడం.

తేదీలు వచ్చేది వారం ప్లాన్‌లో మాత్రమే. శనివారం కూర్చుని, ఏ సెక్షన్‌కు ఏ నంబర్ దగ్గర ఉన్నానో చూసి, అక్కడి నుంచి వచ్చే వారం రోజులకు నంబర్లు అంటిస్తాను. ఏ సెక్షన్ 6/14లో, బీ సెక్షన్ 4/14లో ఉండొచ్చు, తప్పేం లేదు. రోజు లెసన్ ప్లాన్ పైన కూడా తేదీ పక్కన ఆ నంబరే. సెలవొస్తే నంబరు జరుగుతుంది, పాఠం ఎక్కడికీ పోదు. తిరగరాయాల్సింది వారం కాగితం ఒక్కటే.

ఇద్దరు_పిల్లల_అమ్మ · ఆగస్టు 17, ఉదయం 8.20

టీచర్ని కాదు, మధ్యలో దూరినందుకు క్షమించండి. మా కవలలు ఒకే బడిలో వేర్వేరు సెక్షన్లు. ఒకరికి ఇంకా చెప్పని లెక్కలు హోంవర్క్‌గా వస్తాయి, డైరీలో మాత్రం ఇద్దరికీ ఒకటే రాసి ఉంటుంది. రాత్రి తొమ్మిదికి నేను కూర్చుని చెప్పాలి. ఇదంతా ఈ తేదీల వల్లేనా?

లెక్కల_అక్క_పటమట · ఆగస్టు 17, ఉదయం 8.45

అయ్యుండొచ్చండి. హోంవర్క్‌ను తేదీకి కట్టేస్తే రెండు సెక్షన్లకూ ఒకటే పడుతుంది. నంబరుకు కడితే వెనకబడ్డ సెక్షన్‌కు ఆలస్యంగా వస్తుంది. కానీ డైరీ అందరికీ ఒకటే ప్రింట్ చేసే బళ్లలో టీచర్ చేతిలో ఏమీ ఉండదు.

బుడమేరు_బ్యాచ్ · ఆగస్టు 17, మధ్యాహ్నం 1.10

నా అనుభవం ఒకటి. నాది విజయవాడ, ఎనిమిదో తరగతి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లొచ్చి సింగ్‌నగర్ వైపు మునిగిపోయినప్పుడు మా పిల్లల్లో చాలామంది ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. బడి తెరిచాక కూడా పుస్తకాల్లేవు, యూనిఫాం లేదు. నా ప్లాన్‌లో తొమ్మిది పీరియడ్లు పోయాయి. నేనేం చేశానంటే, మిగిలిన అధ్యాయాలన్నింటి నుంచీ తలా ఒకటో రెండో కోసేశాను. అన్నింటికీ సమానంగా, న్యాయంగా.

శాతాల్లో కోసింది మొదటి రెండు పీరియడ్లు, వంద గడుల కాగితం మీద చేయించేవి. ఆట లాంటిది, పర్లేదు అనుకున్నా. జనవరిలో అడిగాను: 200 రూపాయల వస్తువు ధర 10 శాతం పెరిగి, తర్వాత 10 శాతం తగ్గితే ఎంత? క్లాసంతా 200 అంది, 198 అన్నవాళ్లు ఇద్దరే. ఏ ధర మీద శాతం అన్న సంగతే వాళ్లకు తట్టలేదు. ఆ రెండు పీరియడ్లలో చెప్పేది అదే.

మార్కుల_మాస్టారు · ఆగస్టు 17, మధ్యాహ్నం 1.35

రెండు పీరియడ్లు పెట్టినా ఆ లెక్కకు 200 అనే అంటారండి. పెద్దవాళ్లు కూడా అంటారు, మా షాపు ఓనరే అంటాడు. దాన్ని ప్లానింగ్ మీదకు తోయకండి.

బుడమేరు_బ్యాచ్ · ఆగస్టు 17, మధ్యాహ్నం 1.50

అంతకు ముందు ఏడాది పిల్లలకు అవే రెండు పీరియడ్లు చెప్పి అదే లెక్క ఇస్తే సగం మంది దాకా చేశారు మాస్టారూ. వాళ్లు వేరు, వీళ్లు వేరు, కాదనను. ఒక్క క్లాసు చూసి రుజువంటే ఒప్పుకోను గానీ, నాకైతే అనుమానం పోలేదు.

లెక్కల_అక్క_పటమట · ఆగస్టు 17, సాయంత్రం 6.40

సమానంగా కోయడమే ప్రమాదం. యూనిట్ ప్లాన్ రాసేటప్పుడే ప్రతి నంబరు పక్కన ఒక గుర్తు పెట్టుకోండి. దానిమీద తర్వాతి పాఠం నిలబడితే 'తీయకూడదు', సాధన అయితే 'కుదించొచ్చు'. సమీకరణాల్లో 3, 4, 5 తీయకూడనివి. 7, 8 రెండడుగుల సాధన, ఒకటిగా కలిపేయొచ్చు. రాత లెక్కల మూడింటినీ రెండు చేయొచ్చు. వానొచ్చినా, కలెక్టర్ గారు సెలవిచ్చినా, రాత్రికి రాత్రి ఆలోచించాల్సిన పని ఉండదు. ప్రశాంతంగా ఉన్నప్పుడు పెట్టుకున్న గుర్తు చూసి కోస్తాం. టెన్షన్‌లో కోసినప్పుడు ఎవరైనా 'ఆట లాంటిది' అనిపించినదాన్నే ముందు కోస్తారు, తరచు పునాది అందులోనే ఉంటుంది.

సోషల్_సార్_బ్రాడీపేట · ఆగస్టు 17, రాత్రి 8.15

ఇది లెక్కలకు బాగుంది. మా సోషల్‌లో ఒకదాని మీద ఒకటి ఇలా నిలబడదు. భూగోళంలో వర్షపాతం రాకపోయినా చరిత్ర పాఠం ఆగదు. కాబట్టి మాకు పీరియడ్ నంబర్లు, గుర్తులు అనవసరం అనుకుంటా. ఏ అధ్యాయం ముందు చెప్పినా ఒకటే.

లెక్కల_అక్క_పటమట · ఆగస్టు 17, రాత్రి 8.50

అధ్యాయాల వరుస మీకు వదులుగా ఉంటుంది, నిజమే. కానీ పటం చదవడం, స్కేలు చూసి దూరం లెక్కకట్టడం లాంటివి ఏడాదంతా ప్రతి పాఠంలో వస్తాయి కదా సార్. నేనైతే అధ్యాయాల బదులు వాటికి నంబర్లు వేస్తానేమో. సోషల్ నేను చెప్పలేదు, మీకే బాగా తెలుసు.

సోషల్_సార్_బ్రాడీపేట · ఆగస్టు 17, రాత్రి 9.05

పటం సంగతి ఒప్పుకుంటాను. మిగతాది ఇంకా నమ్మకం కుదరలేదు.

కొత్తటీచర్_గుంటూరు · ఆగస్టు 18, రాత్రి 9.30

ఆదివారమంతా కూర్చుని మొదటి టర్మ్ లెక్క మొదటి నుంచి వేశాను. క్యాలెండర్ చూస్తే జూన్ 12 నుంచి దసరా సెలవుల దాకా నాకు వచ్చేవి 80 పనిదినాలు. రెండు ఫార్మేటివ్ పరీక్షలకు నాలుగేసి రోజుల చొప్పున 8 పోతే 72. ఆగస్టు 15 రిహార్సల్స్, ఆటల పోటీలు, ఇంకా అలాంటివాటికి 5 తీస్తే 67. అక్కా, మీరు చెప్పకపోయినా ఎనిమిదింటికి ఒకటి ఖాళీ వదిలాను, అవి 8. మిగిలినవి 59. నేను జూన్‌లో ప్లాన్ రాసింది 80కి! ఇరవై ఒక్క పీరియడ్లు ముందే అప్పు.

59లో పూర్ణ సంఖ్యలకు 13, భిన్నాలు-దశాంశాలకు 16, సమీకరణాలకు 14, రేఖలు-కోణాలకు 9 వేస్తే 52. మిగతా 7 కలిపి చేసే రివిజన్. ఈ లెక్క జూన్‌లో వేసుంటే ఎంత బాగుండేది.

ఒక సందేహం. పుస్తకం వరుసలో కాకుండా రేఖలు-కోణాలను సమీకరణాల కంటే ముందు జరుపుదామా అనుకున్నాను, బొమ్మల పాఠం కదా, పిల్లలకు కాస్త ఊరట. సరేనా?

లెక్కల_అక్క_పటమట · ఆగస్టు 18, రాత్రి 10.00

జరపకండి. సరళరేఖ మీద కోణాల లెక్కలో `2x + 40 = 180` వస్తుంది. సమీకరణాల తర్వాత చెబితే అక్కడ సమీకరణానికి మళ్లీ సాధన, పైగా ఇది దేనికి పనికొస్తుందో పిల్లలకు కళ్లముందు కనబడుతుంది. x = 70 వచ్చాక కోణమానితో కొలిచి సరిచూడమనండి, భలే ఇష్టపడతారు. ముందు చెబితే ఆ లెక్కలు వదిలేయాలి, లేదా అంచనా మీద చేయించాలి.

ఇయర్ ప్లాన్‌లో ఇలాంటి బాణాలు నాలుగైదు గీసుకుంటే చాలు. పూర్ణ సంఖ్యల నుంచి సమీకరణాలకు, అక్కడి నుంచి కోణాలకూ బీజీయ సమాసాలకూ. భిన్నాల నుంచి నిష్పత్తికి, అక్కడి నుంచి శాతానికి, వడ్డీకి. బాణం గీసిన చోట రోజు ప్లాన్‌లో మొదటి ఐదు నిమిషాలకు ఒక పాత లెక్క రాస్తాను. త్రాసు 5/14 రోజు పొద్దున 'నాలుగును ఎంతతో గుణిస్తే ఇరవై?' అని అడుగుతాను, బోర్డు మీద x కూడా రాయను. ఇయర్ ప్లాన్‌లోని బాణం రోజు ప్లాన్‌లో ఒక లెక్కగా కనబడకపోతే అది అలంకారమే.

ఇంకో జాగ్రత్త. దసరా సెలవులకు ముందు యూనిట్ సగంలో ఆగకూడదు. సెలవుల తర్వాత వచ్చే పిల్లలకు మొదటి సగం గుర్తుండదు, మళ్లీ మొదలుపెట్టాలి. రేఖలు-కోణాలకు 9 పీరియడ్లు దొరకవనుకుంటే మొదలే పెట్టకుండా రివిజన్ చేయించి, సెలవుల తర్వాత మొదలుపెట్టడం మేలు.

రికార్డు_రాజు · ఆగస్టు 19, ఉదయం 6.50

అంతా బాగుంది గానీ లెసన్ ప్లాన్ రెండు పేజీలు రాయాలి కదా, ఇన్ని నంబర్లు ఎక్కడ పెట్టాలి? ఇన్‌స్పెక్షన్ వాళ్లు చూసేది లక్ష్యాలు, బోధనోపకరణాలు, మూల్యాంకనం గడులే.

లెక్కల_అక్క_పటమట · ఆగస్టు 19, ఉదయం 7.20

గడులు నింపండి, కాదనను. నేను నాకోసం రాసుకునేది నాలుగు వాక్యాలే. పైన నంబరు. మొదటి ఐదు నిమిషాల పాత లెక్క. ఈ రోజు మొదటిసారి చెప్పే ఒకే ఒక్క విషయం. బెల్ కొట్టే ముందు అందరూ చిత్తు కాగితం మీద చేసి ఇచ్చే ఒక లెక్క. ఆ చిత్తు కాగితాలు స్టాఫ్‌రూంలో చూడడానికి పది నిమిషాలు పడుతుంది. మూడో వంతు మంది కంటే ఎక్కువ తప్పు చేస్తే మర్నాడు అదే నంబరు మళ్లీ, ఖాళీగా వదిలిన పీరియడ్ అందుకే. ఇది మా బడిలో నేను పెట్టుకున్న కొలత, రూలేం కాదు. నలభై మంది దాటిన క్లాసులో కాగితాలన్నీ చూడలేకపోతే రోజుకో వరుస చూస్తాను.

మార్కుల_మాస్టారు · ఆగస్టు 19, ఉదయం 7.45

రెండు సెక్షన్లంటే ఎనభై కాగితాలు, రోజూ. ఆరు క్లాసులు తీసుకునే వాడికి ఇది కుదరదు అమ్మా. మంచి మాటే, మా బడిలో మాత్రం కాదు.

కొత్తటీచర్_గుంటూరు · ఆగస్టు 20, రాత్రి 10.15

రెండు రోజులు చేసి చూశాను, అది చెబుదామని. ఖాళీ పీరియడ్లలో మూడు తీసి త్రాసుకు పెట్టాను. నిన్న ల్యాబ్ నుంచి నిజం త్రాసు తెచ్చాను. ఒక పళ్లెంలో ఒకే బరువున్న మూడు మూసిన పొట్లాలు, రెండో పళ్లెంలో 12 గోళీలు. ఒక్కో పొట్లంలో ఎన్ని గోళీలుంటాయి అన్నాను. గోళీల ముందు బరువే తెలియనంత తేలికైన డబ్బాలు దొరక్క కాగితం పొట్లాలు చేశాను, అవీ కాస్త ఎక్కువే తూగాయి, అటు పళ్లెంలో ఖాళీ పొట్లాలు మూడు వేసి సరిచేశాను. వెనక బెంచీలో ఒకడు 'టీచర్, మూడు తీసేస్తే ఎలా, మూడు వాటాలు వేయాలి కదా' అన్నాడు. నేను చెప్పాల్సింది వాడే చెప్పేశాడు.

ఇవాళ ఏ సెక్షన్‌లో `3x = 12`కు 9 రాసినవాళ్లు ఐదుగురు. `-2x = 10` ఇస్తే మాత్రం ఇంకా 5 అంటున్నారు, అది పూర్ణ సంఖ్యల దగ్గర బాకీ. బీ సెక్షన్‌కు రేపు.

కొత్త చిక్కు ఒకటి. రెండో ఫార్మేటివ్ పోర్షన్ కాగితం ఇవాళ ఇచ్చారు, అందులో నిష్పత్తి సగం అధ్యాయం కూడా ఉంది. మూడు పీరియడ్లు త్రాసుకు పోయాయి, రేఖలు-కోణాలకు 9 పెట్టాలి. సగం నిష్పత్తి మొదలుపెడితే దసరాకు మధ్యలోనే ఆగుతుంది.

బుడమేరు_బ్యాచ్ · ఆగస్టు 20, రాత్రి 10.40

హెచ్‌ఎం గారి దగ్గరికి మీ 59 లెక్క కాగితం పట్టుకెళ్లండి. నోటితో చెబితే 'అందరూ చేస్తున్నారుగా' అంటారు. 80, 72, 67, 59 అని వరుసగా చూపిస్తే కనీసం వింటారు. మా దగ్గర ఒకసారి పోర్షన్ తగ్గించారు, రెండుసార్లు తగ్గించలేదు.

లెక్కల_అక్క_పటమట · ఆగస్టు 21, ఉదయం 6.10

తగ్గించకపోతే, నిష్పత్తిలో మొదటి రెండు పీరియడ్లలో పూర్తయ్యే ముక్క ఒకటి చూసుకోండి. రెండు నిష్పత్తులు సమానమో కాదో చెప్పడం వరకు. అది భిన్నాల సమానత్వమే, అక్కడ ఆగినా తెగదు. దసరా తర్వాత అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు. రేఖలు-కోణాలను మాత్రం కోయకండి, అందులో 2x లెక్కల్ని అసలే కోయొద్దు. బీ సెక్షన్ ఏ నంబరు దగ్గరుందో రేపు రాయండి.